పసుపు తాడు ఎవరికి పనికొచ్చింది: పదమూడేళ్ళ సహజీవనం తర్వాత ఒక భరణం కేసు

వకీలుగా నేను నడిపిన ఈ కేసు తిరుపతిది. మనుషుల గుర్తులు తెలియకుండా కొన్ని వివరాలు మార్చాను. చట్టం, కాగితాలు, లెక్కలు ఎలా నడిచాయో అలాగే రాస్తున్నాను. ఇందులో నేను చేసిన ఒక తప్పు కూడా ఉంది. దాని ఖరీదు 52 వేల రూపాయలు. అది నా జేబులోంచి పోలేదు, ఇద్దరు పిల్లల నోటి దగ్గర కూడు పోయింది.

2023 ఆగస్టులో ఆమె మా ఆఫీసు మెట్లెక్కి వచ్చింది. వయసు ముప్పై ఏడు. కొర్లగుంటలో బాడుగ ఇల్లు, ఒక హోటల్ వంటింట్లో కూరగాయలు తరిగే పని. చేతిలో బట్టల షాపు కవరు. అందులో రైస్ కార్డు, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు, అంచులు నలిగిన ఒక ఫోటో. పెద్దది అమ్మాయి, 2011లో పుట్టింది. చిన్నవాడు 2015లో. వాళ్ళ తండ్రి టూరిస్టు కార్లు తిప్పుతాడు. తిరుమల, కాణిపాకం, శ్రీకాళహస్తి ట్రిప్పులు. 2010 నుంచి ఆమెతో ఒకే ఇంట్లో ఉన్నాడు. 2023 వేసవిలో ఇంట్లోవాళ్ళ బలవంతమని చెప్పి మేనమామ కూతుర్ని పెళ్ళి చేసుకున్నాడు. ఆ తర్వాత రెండు నెలలు వచ్చిపోతూ ఉన్నాడు. మూడో నెల ఫోను ఎత్తడం మానేశాడు.

ఆమె అడిగిన మొదటి ప్రశ్న డబ్బు గురించి కాదు. "నేను ఆయనకి ఏమవుతాను సార్?" అంది.

నేను వెంటనే సమాధానం చెప్పలేదు. ఇలాంటి కేసుల్లో ఆ ప్రశ్నకు ఒకటే జవాబు ఉండదు. చట్టం ఆమెను ఒక కంటితో చూస్తుంది, ఆమె పిల్లల్ని మరో కంటితో చూస్తుంది. ఈ తేడా మొదటి రోజే పట్టుకున్న వకీలు పిల్లల కేసును తల్లి కేసుతో కలిపి కట్టడు. నేను కట్టాను.

ఫోటోలో ఉన్నదీ, చెప్పనిదీ

ఆ ఫోటో 2010 ఫిబ్రవరిది. ఊరి గంగమ్మ గుడి ముందు ఇద్దరూ నిలబడి ఉన్నారు. ఆమె మెడలో కొత్త పసుపు తాడు. పక్కన పూజారి, ఆమె పిన్నమ్మ, అప్పటి ఇంటి ఓనరమ్మ. రిజిస్ట్రేషన్ లేదు, పత్రిక లేదు, ఆయన తరఫు మనిషి ఒక్కరూ లేరు. ఆ తాడు పేరుకు పెళ్ళి, రికార్డుకు ఏమీ కాదు. మా వైపు ఇలాంటి తాళ్ళు చాలా చూశాను.

మరి రిజిస్టర్ ఎందుకు చేయించుకోలేదని అడిగితే ఆమె తల దించుకుంది. అప్పుడు అసలు సంగతి బయటపడింది. ఆమెకు 2005లోనే పుత్తూరు వైపు ఒక పెళ్ళైంది. ఆ మొగుడు 2008లో బెంగుళూరు వెళ్ళి అక్కడే ఇంకొకామెతో కాపురం పెట్టాడు. 2009లో ఊళ్ళో పెద్దమనుషులు కూర్చుని స్టాంపు పేపరు మీద "ఇకమీదట ఒకరికొకరు సంబంధం లేదు" అని రాయించి ఇద్దరి చేతా సంతకాలు పెట్టించారు. కోర్టు డిక్రీ లేదు.

ఈ సంగతి ఆమె అప్పటికే ఒకచోట దాచింది. నా దగ్గరికి రాకముందు ఎవరో రాసిపెట్టిన అర్జీ పోలీస్ స్టేషన్‌లో ఇచ్చింది. అందులో "హిందూ సంప్రదాయం ప్రకారం 2010లో మా వివాహం జరిగింది, ఈయన నా భర్త" అని మాత్రమే ఉంది. మొదటి పెళ్ళి ఊసే లేదు. తర్వాత క్రాస్ ఎగ్జామినేషన్‌లో అవతలి వకీలు ఆ అర్జీని ఒక చేతిలో, మొదటి భర్త పేరున్న ఆమె పాత ఓటరు కార్డును ఇంకో చేతిలో పట్టుకుని అరగంట నడిపించాడు. మనం ముందే చెప్పుకుంటే అది వాస్తవం. అవతలివాడు బయటపెడితే అదే అబద్ధమైపోతుంది. అప్పటినుంచి ఇలాంటి పిటిషన్లలో మొదటి పేరాలోనే పాత పెళ్ళి, తేదీలతో సహా రాస్తున్నాను.

నేను వేసిన కేసు, వేయాల్సిన కేసు

సహజీవనంలో ఉన్న ఆడమనిషికి సూటిగా దారి చూపేది 2005 నాటి గృహహింస చట్టం. అందులో 2(ఎఫ్) సెక్షన్ పెళ్ళితో పాటు "వివాహం వంటి సంబంధం" అన్న మాట కూడా వాడింది. 12వ సెక్షన్ కింద మెజిస్ట్రేట్ దగ్గర పిటిషన్ వేస్తే 20వ సెక్షన్ కింద ఆమెకూ పిల్లలకూ నెలనెలా డబ్బు, 19 కింద ఇల్లు లేదా బాడుగ, 23 కింద మధ్యంతర ఉత్తర్వు అడగొచ్చు. అన్నీ ఒకే చోట దొరుకుతున్నాయని నేను 2023 ఆగస్టులో ఒకే ఒక్క డీవీసీ, అంటే గృహహింస కేసు, వేశాను. అందులోనే ఆమెకూ పిల్లలకూ కలిపి అడిగాను.

ఏ సంబంధం వివాహం వంటిదో 2010లో సుప్రీంకోర్టు వేలుసామి తీర్పులో నాలుగు కొలతలు పెట్టింది. లోకం ముందు భార్యాభర్తల్లా మెలగాలి. పెళ్ళీడు ఉండాలి. ఇష్టపడి చెప్పుకోదగినంత కాలం కలిసి ఉండాలి. మిగిలిన కొలత ఏమిటంటే, చట్టప్రకారం పెళ్ళి చేసుకునే అర్హత ఇద్దరికీ ఉండాలి, అంటే వేరే పెళ్ళి బంధంలో ఉండకూడదు. మావాళ్ళు పదమూడేళ్ళు కలిసి ఉన్నారు, కార్డుల్లో కలిసి ఉన్నారు, ఇద్దరు పిల్లలు. మూడు కొలతలు దాటారు. చివరి దాని దగ్గర ఆ 2009 స్టాంపు పేపరు అడ్డం తిరిగింది.

నవంబరులో ఆయన కౌంటర్, అంటే మా పిటిషన్‌కు జవాబు, వచ్చింది. అది చదివినప్పుడు నా తప్పు నాకు కనబడింది. ఆయన వాదన ఇది: ఈమెకు మొదటి పెళ్ళి రద్దు కాలేదు, కాబట్టి మా మధ్య ఉన్నది వివాహం వంటి సంబంధం కాదు, కాబట్టి ఈమె ఆ చట్టం కింద బాధితురాలే కాదు. ఆమె బాధితురాలు కాకపోతే 20వ సెక్షన్ కింద ఆమె పిల్లలకు అడిగినదీ దాంతోపాటే పోతుంది. ఎందుకంటే ఆ సెక్షన్ ఇచ్చేది "బాధితురాలికీ, ఆమె పిల్లలకూ." పిల్లల బండిని తల్లి బండికి తాడుతో కట్టింది నేనే.

పిల్లలకు వాళ్ళదే సొంత దారి ఉంది. పాత సీఆర్‌పీసీ 125వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త చట్టంలో 144వ సెక్షన్. రెండింటిలోనూ మైనరు బిడ్డ "సక్రమ సంతానమైనా, అక్రమ సంతానమైనా" అని స్పష్టంగా ఉంది. (ఆ మాట నాకూ నచ్చదు. చట్టంలో ఉన్నది అదే.) తల్లి ఎవరికి ఏమవుతుందో ఆ కేసులో తేలనక్కర్లేదు. తండ్రి ఎవరో తేలితే చాలు.

ఆ డిసెంబరులో పిల్లలిద్దరి పేరు మీద, తల్లిని గార్డియన్‌గా చూపించి వేరే ఎం.సి., అంటే భరణం కేసు, వేశాను. భరణం దరఖాస్తు వేసిన రోజు నుంచి ఇవ్వాలని 2020 నవంబరులో రజనీష్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది మనకు మేలు చేసే మాటే. కానీ దరఖాస్తు వేయని నెలలకు లెక్క ఉండదు. ఆగస్టు నుంచి నవంబరు దాకా నాలుగు నెలలు. చివరికి కోర్టు ఇద్దరు పిల్లలకు కలిపి నెలకు 13 వేలు వేసింది. నాలుగుతో గుణించుకోండి.

"జాలిపడి ఆశ్రయమిచ్చాను"

ఎం.సి.లో ఆయన వేసిన కౌంటర్ ఇంకా తెలివైనది. పిల్లలు నావాళ్ళు కారు అని ఊరికే అనలేదు. ఎవిడెన్స్ చట్టం 112వ సెక్షన్ తెచ్చాడు. కొత్త సాక్ష్య చట్టంలో అది 116. చెల్లుబాటయ్యే పెళ్ళి ఉండగా పుట్టిన బిడ్డను ఆ భర్త బిడ్డగానే తిరుగులేకుండా లెక్కగట్టాలని ఆ సెక్షన్ చెబుతుంది. బిడ్డ కడుపున పడ్డ కాలంలో భార్యాభర్తలు కలుసుకునే వీలే లేదని చూపిస్తే తప్ప. అంటే, ఆమె మొదటి పెళ్ళి రద్దు కాలేదు కదా, అలాగైతే ఈ ఇద్దరూ బెంగుళూరు మనిషి పిల్లలు, వెళ్ళి ఆయన్ని అడగండి అని.

ఇది తీసిపారేసే వాదన కాదు. 2025 జనవరి 28న సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో సరిగ్గా ఇదే మాట మీద నిలబడింది. పెళ్ళి నడుస్తూ, భార్యాభర్తలు కలిసే వీలు ఉన్నప్పుడు, బయటి మనిషిని తండ్రి అంటూ డీఎన్‌ఏ పరీక్షకు లాగడం కుదరదని చెప్పింది. కాబట్టి మా కేసు మొత్తం ఒక్క ప్రశ్న మీద ఆగింది: 2010లో, 2014లో ఆమెకూ మొదటి భర్తకూ కలుసుకునే వీలు ఉందా, లేదా?

మేము సాక్షుల కోసం పుత్తూరు వైపు తిరిగాం. పెద్దమనుషుల్లో ఇద్దరే బతికున్నారు. ఒకాయన వస్తానన్నాడు, వాయిదా రోజు రాలేదు. ఇంకొకాయన వచ్చి, తేదీలు కలగాపులగం చేశాడు. ఆ పేపరును విడాకులుగా నిలబెట్టడం ఎలాగూ కష్టమే. హిందూ వివాహ చట్టం 29(2) కులాచారపు విడాకుల్ని కాపాడుతుంది, నిజమే. కానీ ఆ కులంలో అలాంటి ఆచారం తరతరాలుగా ఉందని పిటిషన్‌లో రాసి, సాక్ష్యంతో నిరూపించాలి. ఒక ఊళ్ళో ఒకసారి నలుగురు కూర్చుని రాసిన కాగితం ఆచారం కాదు.

ఒక రాత్రి డీవీసీలో ఆయన ముందు వేసిన కౌంటర్‌ను మళ్ళీ తిరగేస్తుంటే ఆరో పేరాలో ఒక వాక్యం కనబడింది. "పిటిషనరును ఆమె భర్త 2008 సంవత్సరములోనే వదిలివేసి బెంగుళూరు వెళ్లిపోయి తిరిగి రాకపోగా, ఎదుటి పార్టీ జాలిపడి తన బాడుగ ఇంటిలో ఆశ్రయము ఇచ్చియున్నాడు." కిందే ప్రమాణం, సంతకం.

సహజీవనం లేదని చెప్పడానికి ఆయన రాయించుకున్న వాక్యం అది. భార్య కాదు, దిక్కులేని మనిషిని చేరదీశాను అని కథ. ఆ కథ నిలబడాలంటే మొదటి మొగుడు వెళ్ళిపోవాలి, తిరిగి రాకూడదు. ఎం.సి.లో మాత్రం ఆయనకు ఆ మొగుడు మళ్ళీ కావాలి. రెండు కౌంటర్లు రెండు వేరే వకీళ్ళు రాశారు. ఒకరి కాగితం ఇంకొకరు చదవలేదు. డీవీసీ కౌంటర్ సర్టిఫైడ్ కాపీ తీసి ఎం.సి.లో మార్కు చేయించాను. క్రాస్‌లో ఆయన్ని ఆ వాక్యం పైకి చదవమన్నాను. చదివాడు. "ఇందులో రాసింది నిజమేనా?" అన్నాను. కాసేపు ఆగి "నిజమే" అన్నాడు. అబద్ధమంటే ప్రమాణ పత్రంలో అబద్ధం రాసినట్టు, నిజమంటే మొదటి భర్తకు ఆ ఇంటి గడప తొక్కే వీలు లేనట్టు.

దానికి తోడు ఓనరమ్మ. అరవై ఎనిమిదేళ్ళు. కోర్టుకు వచ్చేటప్పుడు బాడుగ లెక్కల నోటుబుక్కులు మూడు సంచిలో వేసుకొచ్చింది. ప్రతి నెలా తేదీ, మొత్తం, పక్కన ఎవరు ఇచ్చారో. "డ్రైవరు ఇచ్చినాడు", "డ్రైవరు పెండ్లాం ఇచ్చింది", ఒకచోట "పిల్లది బర్త్‌డే, వచ్చే నెల ఇస్తామన్యారు". అవతలి వకీలు, "వాళ్ళు మొగుడూ పెళ్ళాలని మీకెలా తెలుసు?" అని అడిగాడు. ఆమె ఆయన్ని ఎగాదిగా చూసి, "తాళి కట్టేటప్పుడు పక్కనే ఉండాను కదప్పా. పదమూడేండ్లు మా ఇంట్లోనే ఉండారు. కాదని ఆయప్ప ఇప్పుడు చెప్తా ఉండాడు" అంది. నవ్వు ఆపుకోవడానికి బెంచి క్లర్కు తల కిందికి వంచుకున్నాడు.

డీఎన్‌ఏ గురించి ఒక మాట. కౌంటర్‌లో ఆయన "పరీక్షకు సిద్ధం" అని బెదిరింపుగా రాశాడు. మేము వెంటనే మాకు అభ్యంతరం లేదని మెమో వేశాం. ఆ తర్వాత పద్నాలుగు నెలల్లో ఆయన పరీక్ష కోరుతూ ఒక్క పిటిషన్ వేయలేదు. నేనుగా అడగలేదు. తల్లి మీద అనుమానం ఉన్నట్టు పిల్లల రక్తం తీయించడం నాకు ఇష్టం లేదు, అవసరమూ పడలేదు. స్కూలు అడ్మిషన్ ఫారాల మీద తండ్రిగా ఆయన సంతకాలున్నాయి. సచివాలయం హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌లో నలుగురూ ఒకే కుటుంబం. కేసు నడుస్తుండగా తన పేరు రిజిస్టరులోంచి తీసేయమని ఆయన అమ్మాయి స్కూలుకు ఉత్తరం రాశాడు. హెడ్‌మాస్టరు, బర్త్ సర్టిఫికెట్‌లో ఉన్న పేరు ఉత్తరంతో పోదని చెప్పి పంపేశాడు. ఆ ఉత్తరం కాపీ కూడా మా ఫైల్లోకి వచ్చింది.

పన్నెండు వేల జీతగాడు, ఇరవై ఒక్క వేల కంతు

ఆదాయం దగ్గర అందరూ చెప్పేదే ఆయనా చెప్పాడు. బండి తనదైనా వేరేవాళ్ళ దగ్గర డ్రైవరుగా చేస్తున్నాను, నెలకు 12 వేలు. ట్రిప్పు డబ్బులన్నీ చేతికి చేయి. బ్యాంకులో ఏమీ కనబడదు.

రజనీష్ తీర్పు తర్వాత భరణం కేసుల్లో ఇద్దరూ ఆస్తి అప్పుల అఫిడవిట్ వేయాలి. జనం ఆస్తుల గడుల దగ్గర జాగ్రత్తపడతారు, అప్పుల గడుల దగ్గర పడరు. అప్పు ఎక్కువ చూపిస్తే జాలి కలుగుతుందని అనుకుంటారు. ఆయన కూడా ఇన్నోవా మీద ఫైనాన్స్ ఉందని, నెలకు 21,450 కంతు కడుతున్నానని గర్వంగా రాశాడు. ఆ లోన్ స్టేట్‌మెంట్ తెప్పించమని అడిగాం. ఇరవై నెలల్లో ఒక్క కంతూ తప్పలేదు. జీతం 12 వేలు, కంతు 21 వేలు, మరి తిండెక్కడిది అని నేను అడగలేదు. జడ్జిగారే అడిగారు. వాహనాల వెబ్‌సైట్‌లో చూస్తే ఆయన పేరు మీద ఇంకో పాత బండి, దాని మీద ఫైనాన్స్ తీరిపోయి కూడా కనబడింది. అఫిడవిట్‌లో దాని ఊసే లేదు.

2024 ఫిబ్రవరిలో మధ్యంతరంగా పిల్లలకు మూడేసి వేలు వచ్చింది. 2025 ఫిబ్రవరిలో తుది ఉత్తర్వు: అమ్మాయికి 7 వేలు, అబ్బాయికి 6 వేలు, 2023 డిసెంబరు నుంచి. అప్పటికి పద్నాలుగు నెలలు, 1,82,000. మధ్యంతరం కింద ఆయన ఐదు నెలలు మాత్రమే కట్టాడు, 30 వేలు. బాకీ 1,52,000.

ఉత్తర్వు చేతికి రావడం వేరు, డబ్బు చేతికి రావడం వేరు. బాకీ పడిన ఏడాదిలోపు వసూలుకు దరఖాస్తు వేయకపోతే వారెంటు అడిగే హక్కు పోతుంది. "ఇస్తానన్నాడు సార్, ఇంకో నెల చూద్దాం" అంటూ ఈ ఏడాదిని పోగొట్టుకున్న వాళ్ళు నా దగ్గరికి వస్తూనే ఉంటారు. మేము జూలైలోనే వేశాం. జప్తుకు ఫైనాన్స్ లేని ఆ పాత బండి నంబరు ఇచ్చాం. ఫైనాన్స్ ఉన్న బండి అడిగితే కంపెనీవాళ్ళు అడ్డం వస్తారు. వారెంటు బ్రహ్మోత్సవాలకు వారం ముందు చేతికొచ్చింది. ఏడాదిలో టూరిస్టు బండి ఒక్కరోజు కూడా ఖాళీగా ఉండని కాలం అది. రెండు రోజుల్లో లక్ష కట్టాడు. మిగతాది మూడు కంతుల్లో.

ఆమె సంగతి

డీవీసీలో మెజిస్ట్రేటు ఆమెకు భరణం ఇవ్వలేదు. పదమూడేళ్ళు కలిసి ఉన్నారని, ఆయన వదిలేశాడని నమ్ముతూనే, మొదటి పెళ్ళి చట్టప్రకారం రద్దు కాలేదని, వేలుసామి కొలత దాటలేదని రాశారు. ఉత్తర్వు తప్పని నేను అనలేను. ఇరుకైనదని అంటాను.

ముప్పై రోజుల్లోపు సెషన్స్ కోర్టులో 29వ సెక్షన్ కింద అప్పీలు వేశాం. చేతికి ఒక కొత్త తీర్పు దొరికింది. 2025 జనవరి 30న ఉషారాణి కేసులో సుప్రీంకోర్టు, మొదటి భర్త నుంచి కాగితం మీద మాత్రమే విడిపోయి, డిక్రీ లేకుండా, ఆ సంగతి తెలిసిన మనిషినే పెళ్ళి చేసుకున్న స్త్రీకి అతని దగ్గర 125 కింద భరణం ఇచ్చింది. అన్నీ తెలిసి పెళ్ళాడినవాడు తర్వాత అదే సంగతి అడ్డం పెట్టుకోకూడదన్నది దాని సారం. మా కేసులోనూ ఆయనకు తెలుసు. ఆ ఆరో పేరానే సాక్ష్యం. అయితే ఆ కేసులో రెండో పెళ్ళి రిజిస్టరై ఉంది. మాది గుడి ముందు తాడు, ఒక ఫోటో. పైగా అది 125, మాది గృహహింస చట్టం. ఆ దూరం దాటగలమో లేదో నాకు నిజంగా తెలియదు, ఆమెకూ అదే చెప్పాను.

వాదనలకు ముందే లోక్ అదాలత్‌లో రాజీ మాట వచ్చింది. ఆమెకు మూడున్నర లక్షలు ఒకేసారి ఇస్తానన్నాడు. ఆమె ఒప్పుకుంది. రాజీ పత్రం డ్రాఫ్టు వచ్చింది. చివరి పేరాలో "పిటిషనరుకు గానీ, ఆమె మైనర్ పిల్లలకు గానీ ఇకమీదట ఎదుటి పార్టీ మీద ఎలాంటి హక్కులు ఉండవు" అని ఒక లైను. ఆ లైను కొట్టేయందే సంతకం లేదన్నాను. పిల్లల భరణం పిల్లలది, తల్లి దాన్ని అమ్మలేదు. లోక్ అదాలత్ అవార్డు మీద అప్పీలు కూడా ఉండదు, సంతకం పెట్టాక ఆ లైనుతో కొట్లాడాల్సింది రేపు ఆ పిల్లలే. గంటసేపు బేరం జరిగింది. ఆ గంటలో ఆమె నా చొక్కా పట్టుకున్నంత పని చేసింది, డబ్బు చేజారిపోతుందేమోనని. చివరికి లైను పోయింది, డబ్బు ఉంది.

ఆ తాడు

ఇక పిల్లల హోదా. ఎక్కువమంది వకీళ్ళు ఇక్కడిదాకా వచ్చి ఫైలు కట్టేస్తారు.

ఆ గుడి ముందు కట్టిన పసుపు తాడు ఆమెను భార్యను చేయలేకపోయింది. మొదటి భర్త బతికుండగా, ఆ పెళ్ళి రద్దు కాకుండా జరిగిన పెళ్ళి హిందూ వివాహ చట్టం 11వ సెక్షన్ కింద చెల్లదు. కానీ అదే చట్టం 16వ సెక్షన్, చెల్లని పెళ్ళిలో పుట్టిన పిల్లలు సక్రమ సంతానమే అంటుంది. చెల్లకపోయినా పెళ్ళంటూ ఒకటి జరిగి ఉండాలి. ఏ తంతూ లేకుండా ఊరికే కలిసి ఉంటే పుట్టిన పిల్లలకు ఆ సెక్షన్ వర్తించదు. వాళ్ళకు భరణం వస్తుంది, తండ్రి ఆస్తిలో వారసత్వం మాత్రం కష్టం. అంటే తల్లి కేసులో కొరగాని తాడు పిల్లల దగ్గరికి వచ్చేసరికి వాళ్ళకున్న ఆధారమంతా అదే.

ఆయనకు చంద్రగిరి వైపు ఉమ్మడిలో మామిడి తోట ఉంది. 2023 సెప్టెంబరు 1న రేవణసిద్ధప్ప కేసులో ముగ్గురు జడ్జీల బెంచి, 16వ సెక్షన్ పిల్లలకు తండ్రి సొంత ఆస్తిలోనే కాక, ఉమ్మడి ఆస్తిలో ఆయన వాటాకు వచ్చినదానిలో కూడా హక్కుందని చెప్పింది. ఆయన బతికుండగా వీళ్ళు పంపకం అడగలేరు. ఆయన వాటాగా తేలినదాంట్లోనే వీళ్ళ వంతు. కాబట్టి ఇప్పుడు వేయాల్సిన దావా ఏదీ లేదు. భద్రంగా ఉంచాల్సిన సాక్ష్యం ఉంది.

అందుకే ఎం.సి.లో అవసరం లేకపోయినా ఓనరమ్మను గుడి గురించి, తాడు గురించి, పూజారి ఏ మంత్రం చదివాడన్నదాకా అడిగాను. అవతలి వకీలు అభ్యంతరం చెప్పాడు, భరణం కేసులో ఇదంతా ఎందుకని. జడ్జిగారు రాసుకున్నారు. భరణం కేసులో జడ్జి రాసిన మాట పిల్లల హోదాను శాశ్వతంగా తేల్చదు. దానికి కుటుంబ కోర్టులో వేరే డిక్లరేషన్ కావాలి. కానీ ఓనరమ్మ చెప్పిన సాక్ష్యం, క్రాస్‌తో సహా, రికార్డులో ఉంది. ఆ దావా వచ్చే నాటికి ఆమె లేకపోయినా, అవే పార్టీల మధ్య, అదే ప్రశ్న మీద ఇచ్చిన పాత వాంగ్మూలాన్ని కోర్టు చూడొచ్చు. పాత ఎవిడెన్స్ చట్టంలో అది 33వ సెక్షన్. పూజారి అప్పటికే పోయాడు. పిన్నమ్మ మంచాన ఉంది. మాకు మిగిలింది ఆ ముసలామె ఒక్కతే.

ఆ వాంగ్మూలం, ఫోటో, నోటుబుక్కుల కాపీలు, రెండు కౌంటర్లు, అన్నిటి సర్టిఫైడ్ కాపీలు తీసి ఆమెకిచ్చాను. లామినేషన్ చేయించొద్దని రెండుసార్లు చెప్పాను.

డిసెంబరులో ఆమె మళ్ళీ వచ్చింది. అమ్మాయి పదో తరగతి. స్కూల్లో పబ్లిక్ పరీక్షల నామినల్ రోల్స్ సరిచూసుకోమని కాగితం ఇచ్చారట. తండ్రి పేరు గడి మీద వేలు పెట్టి, "ఆయన కోర్టులో కాదన్యాడు కదా సార్, ఇది ఉంచొచ్చా?" అంది.

బర్త్ సర్టిఫికెట్‌లో ఉన్న స్పెల్లింగ్‌తో పోల్చి చూశాను. ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు పడింది. అది దిద్దించుకోమని పెన్సిలుతో సున్న చుట్టి ఇచ్చాను.